కుట్టు వేసిన పొర

తిరుపతిలో బీఎస్సీ మైక్రోబయాలజీ చదివే అమ్మాయి ఒకరు అడిగారు: "బ్యాక్టీరియా కణపు పొరలో ఈస్టర్ బంధాలు, ఆర్కియా పొరలో ఈథర్ బంధాలు అని టేబుల్ బట్టీపట్టి రాశాను, మార్కులు పడ్డాయి. ఇంతకీ ఆ తేడాతో ఆ జీవికి ఒరిగేదేంటి సార్?" మన సిలబస్‌లో టేబుళ్లకు లోటు లేదు, ఈ ప్రశ్నకే చోటు లేదు.

ఆర్కియాలంటే బ్యాక్టీరియాలా చిన్నవే అయినా వేరే తెగకు చెందిన ఏకకణ జీవులు. వాటిలో సల్ఫోలోబస్ ఆసిడోకాల్డేరియస్‌నే తీసుకుందాం. 1972లో థామస్ బ్రాక్ బృందం అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడి బుగ్గల్లో దీన్ని గుర్తించి వివరించింది. ఇది ఉండేది 80 డిగ్రీలకు దగ్గరి వేడిలో, పీహెచ్ 2 నుంచి 3 ఉండే ఆమ్లంలో. కణం లోపల పీహెచ్ మాత్రం 6.5 దగ్గర ఉంటుంది. బయట 2.5 అనుకుంటే, ఆమ్లతనాన్నిచ్చే ప్రోటాన్లు లోపలికన్నా బయట పదివేల రెట్లు ఎక్కువ. అవి పొరలోంచి కారిపోతే లోపలంతా ఆమ్లమైపోతుంది, కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారీకి కావలసిన ఒత్తిడీ పోతుంది.

కణపు పొర లిపిడ్లనే కొవ్వు అణువుల వరసలతో తయారవుతుంది, ఆ అణువుల తలను తోకలకు కలిపేవే ఈ ఈస్టర్, ఈథర్ బంధాలు. ఈస్టర్ బంధాన్ని వేడి నీళ్లలో ఆమ్లమో క్షారమో విడదీసేస్తుంది. నూనెను కాస్టిక్ సోడాతో సబ్బు చేసేటప్పుడు జరిగేది అదే. ఈథర్ బంధం అంత తేలిగ్గా లొంగదు. కానీ బంధం గట్టిదైనంత మాత్రాన కారడం ఆగదు. మామూలు పొర అంటే ఒకదానిమీద ఒకటి పరిచిన రెండు పాత చీరల్లాంటిది, మధ్యలో కుట్టు లేదు. వేడెక్కేకొద్దీ రెండూ వదులై కదులుతాయి, ఆ సందుల్లోంచి ప్రోటాన్లు దూరతాయి. సల్ఫోలోబస్ ఆ చీరలను బొంతలా కుట్టేసింది. పై వరస లిపిడ్ తోకలూ కింది వరస తోకలూ కలిసి, ఈ వైపు నుంచి ఆ వైపు దాకా ఒకే అణువు. వేడి పెరిగితే ఆ తోకల్లో అయిదు కార్బన్ల వలయాలు ఎక్కువవుతాయి, అణువులు ఇంకా దగ్గరగా సర్దుకుంటాయి. అంటే ఎండ ముదిరేకొద్దీ కుట్లు దగ్గర పడతాయన్నమాట.

కుట్టు ఉందని చూపించడమూ సులువే. కణాన్ని గడ్డకట్టించి విరగ్గొడితే మామూలు పొర సరిగ్గా నడిమికి చీలి రెండు రేకులవుతుంది. సల్ఫోలోబస్ పొర అలా చీలదు, అడ్డంగా విరుగుతుంది.

అయితే ఈ కిటుకు ఆర్కియాలకే సొంతం కాదు. 80 డిగ్రీల దగ్గర పెరిగే థర్మోటోగా మారిటిమా అనే బ్యాక్టీరియా కూడా పొరకు అడ్డంగా సాగే లిపిడ్లు చేసుకుంటుంది. ఆర్కియాలన్నీ వేడి బుగ్గల్లోనే ఉంటాయనుకోవడమూ పొరపాటే. చిత్తూరు ఆవుల పొట్టలో మీథేన్ చేసేవీ ఆర్కియాలే.

ఉప్పుమడులను ఎర్రబరిచే హాలోబ్యాక్టీరియం సంగతి వేరు. పేరులో బ్యాక్టీరియం ఉన్నా ఇదీ ఆర్కియానే. దీని పొరలోనూ ఈథర్ బంధాలే, కానీ కుట్టు లేదు, రెండు వరసలే. ఉప్పుతో దీని పోరాటం ముఖ్యంగా కణం లోపల జరుగుతుంది. బయటి ఉప్పుకు సరితూగేలా లోపల పొటాషియం నింపుకుంటుంది. అంత ఉప్పులో మామూలు ప్రోటీన్లు ముద్దకట్టి పోతాయి. దీని ప్రోటీన్ల ఉపరితలం నిండా రుణావేశం ఉన్న అమైనో ఆమ్లాలు ఉండి నీటిని పట్టి ఉంచుతాయి. దీన్నే మంచినీళ్లలో వేస్తే ఆ ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుని ప్రోటీన్ విడిపోతుంది, కణమూ పగిలిపోతుంది. స్పెయిన్ ఉప్పుమడుల్లో దొరికిన సాలినిబ్యాక్టర్ రూబర్ మాత్రం నిజమైన బ్యాక్టీరియా. ఈథర్ లిపిడ్ల అవసరం లేకుండానే అదీ పొటాషియం నింపుకుని, అలాంటి ప్రోటీన్లతోనే నెట్టుకొస్తోంది.