ముందు కిటికీ, వెనక దీపం

ఇంట్లో కూర్చుని మాట్లాడే వీడియో తీయాలంటే చాలామంది ఉన్న ఒక్క టేబుల్ ల్యాంపునీ ముఖానికి ఎదురుగా పెట్టుకుంటారు. పగటిపూట అక్కడ దానివల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సుమారు 800 ల్యూమెన్ల వెలుగిస్తుంది. అది నలువైపులా చెదిరిపోతే మీటరు దూరంలో ఉన్న ముఖానికి అందేది 60, 70 లక్స్ మాత్రమే. ఆకాశం బాగా కనిపించే కిటికీ పక్కన కొన్ని వందల లక్స్ ఉంటుంది. అంచేత ముఖానికి కిటికీ చాలు, దీపాన్ని వీపు వెనక్కి పంపాలి.

పాలకొల్లు దగ్గర మా బాబాయి రొయ్యల చెరువుల మీద వీడియోలు చేస్తాడు. ఉత్తరం కిటికీకి మీటరు దూరంలో కుర్చీ వేసి, వెలుగు ఆయన ఎడమ చెంప మీద ఏటవాలుగా పడేలా కూర్చోబెట్టాం. ఉత్తరం కిటికీలోంచి ఏడాదిలో ఎక్కువ భాగం ఎండ నేరుగా రాదు, ఆకాశపు వెలుగే వస్తుంది. అంత వెడల్పైన వెలుగు ముక్కు నీడను మెత్తగా చేస్తుంది. ముఖం మీద ఊచల నీడలు చారలుగా పడ్డాయంటే ఎండ నేరుగా వస్తున్నట్టే. అప్పుడు కిటికీకి పల్చటి తెల్ల గుడ్డ కట్టాలి.

కుడి చెంప చీకటిగా ఉంది. అటువైపు రెండడుగుల దూరంలో ఇంకో కుర్చీ వీపు మీద తెల్ల పంచె పరిచాం. కిటికీ వెలుగే దాని మీద పడి వెనక్కొచ్చి ఆ చెంపను తేల్చింది. పంచెను దగ్గరకి జరిపితే నీడ పల్చబడుతుంది. కానీ రెండు చెంపలూ సమానమయ్యేదాకా జరపకండి, ముఖం చదునుగా కనిపిస్తుంది.

ఇక మిగిలింది నల్లని జుట్టు, దాని వెనక ముదురు రంగు టేకు బీరువా. తెర మీద రెండూ కలిసిపోతాయి. ల్యాంపును కుడి భుజం వెనక, తలకన్నా ఎత్తులో, అర మీటరు దూరంలో ఫ్రేములో పడకుండా పెట్టాం. దూరం సగమైతే వెలుగు నాలుగు రెట్లవుతుంది. పైగా వెనకనుంచి ఏటవాలుగా వచ్చే వెలుగును వెంట్రుకలు అద్దంలా కెమెరా వైపే మళ్లిస్తాయి. అందుకే ఎదురుగా పెడితే తెలియని ఆ చిన్న దీపం ఇక్కడ జుట్టుకీ భుజానికీ సన్నని అంచు గీసింది. ఆ వెలుగు చెవి మీదుగా చెంపకి పాకితే దీపాన్ని ఇంకాస్త వెనక్కి జరపాలి.

మన వైపు ఇంకో చిక్కుంది. కిటికీ బయట కొబ్బరితోట దగ్గరగా ఉంటే వెలుగు ఆకుల రంగు పట్టుకుని వస్తుంది, ముఖం పాలిపోయినట్టు ఆకుపచ్చగా తేలుతుంది. ఫోను దాన్ని సర్దబోతే వెనక దీపపు అంచు గులాబీ రంగుకి తిరుగుతుంది. ఆకాశం ఎక్కువగా కనిపించే వీధి వైపు కిటికీకి మారడమే దీనికి సరైన మందు. బల్బు కూడా 6500 కెల్విన్ తెల్లనిదైతే ఆకాశపు వెలుగుతో కలుస్తుంది.

మబ్బు కదిలినప్పుడల్లా ఫోను వెలుగును తనే మార్చేసుకుంటుంది. అందుకని ఫోను తెర మీద కనిపించే చెంప దగ్గర వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేశాకే మాట్లాడటం మొదలుపెట్టాలి. ముసురు పట్టి కిటికీ బాగా మసకబారితే వెనక దీపం మరీ ఎక్కువగా మెరుస్తుంది. అప్పుడు దాన్ని మీటరు దూరానికి జరిపితే సరిపోతుంది.