ఏడాదికా, నెలకా, ఒక్కసారిగానా? పులా క్రాలింగ్ పెగ్‌పై అపోహలు - వాస్తవాలు

బోట్స్వానా రాజధాని గబొరోన్‌లో కంపెనీల విదేశీ మారకపు చెల్లింపులు చూసే ఉద్యోగంలో ఉన్నాను. ఇక్కడి కరెన్సీ పులా విలువను ఒక్కసారిగా కాక, ముందే ప్రకటించిన వేగంతో రోజూ కొద్దికొద్దిగా జరుపుతారు, ఈ పద్ధతినే క్రాలింగ్ పెగ్ అంటారు. ప్రతి ఏడాదీ పులా ఏ వేగంతో కదలబోతోందో ప్రకటన వెలువడిన మర్నాటి నుంచే ఫోన్లు మొదలవుతాయి. 'పులా విలువ తగ్గిస్తున్నారట కదా, ఉన్నదంతా డాలర్లలోకి మార్చుకోమంటారా?' అన్నదే దాదాపు అందరి ప్రశ్న. అడిగేవారి ఆందోళన నాకు అర్థమవుతుంది, ఎందుకంటే వారిలో చాలామంది ఇక్కడ సంపాదించి ఇంటికి పంపుకునేవారు. వారిని భయపెడుతూ వాట్సాప్‌లో తిరిగే సందేశాల విషయంలో మాత్రం నాకు ఓపిక మిగలలేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చే అపోహ ఒకటుంది. ప్రకటించిన శాతమే డాలరు రేటులో వచ్చే మార్పు అని, ఆ కోత ఒక్క దెబ్బలో పడుతుందని జనం అనుకుంటారు. ఈ రెండూ తప్పే.

పులా విలువ ఒక్క డాలరుకు కట్టి లేదు. దక్షిణాఫ్రికా రాండ్, అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకట్టే ఎస్‌డీఆర్ అనే ఉమ్మడి కొలత కలిసిన బుట్టకు అది కట్టి ఉంటుంది. 2020లో ఆ బుట్టలో రాండ్ వాటా 45 శాతం, ఎస్‌డీఆర్ వాటా 55 శాతం. డాలర్, యూరో, యువాన్, యెన్, పౌండ్‌లు ఎస్‌డీఆర్ లోపల ఉంటాయి. క్రాల్ అంటే ఈ బుట్టతో పోల్చినప్పుడు పులా ఏడాది పొడవునా రోజురోజుకూ ఎంత జరుగుతుందన్న లెక్క. 2020 జనవరిలో ప్రకటించిన వేగం ఏడాదికి 1.51 శాతం, కిందికి. దాన్ని రోజులకు పంచితే లక్ష పులాల మీద రోజుకు నాలుగు పులాల చిల్లర పడుతుంది. మే 1 నుంచి వేగాన్ని 2.87 శాతానికి పెంచారు, అంటే లక్షకు రోజుకు ఎనిమిది పులాల లోపే. డాలరు రేటు బోర్డు మీద ఇది కంటికి కనిపించే కదలిక కాదు. ఆ బోర్డును పైకీ కిందికీ ఊపేది రాండ్.

2020 మొదటి నాలుగు నెలలనే తీసుకుందాం. సంవత్సరం మొదట్లో డాలరుకు 14 రాండ్ల దగ్గర ఉన్న రేటు, కోవిడ్ భయంతో ఏప్రిల్‌లో 19 దాకా పోయింది. అంటే డాలరుతో పోల్చినప్పుడు రాండ్ విలువలో నాలుగో వంతుకు పైగా కరిగిపోయింది. బుట్టలో దాని వాటా 45 శాతం కనుక, ఆ ఒక్క కారణానికే పులా డాలరు ముందు పన్నెండు పదమూడు శాతం తగ్గాలి. జరిగినదీ అంతే, డాలరుకు 10.60 దగ్గర ఉన్న పులా 12 దాటింది. ఆ నాలుగు నెలల్లో క్రాల్ చేసిన పని అర శాతం. అదే సమయంలో ఒక పులాకు 1.32 రాండ్‌లు వచ్చేచోట సుమారు 1.56 రాండ్‌లు రావడం మొదలైంది. జొహానెస్‌బర్గ్ నుంచి సరుకు తెచ్చుకునే వ్యాపారికి పులా బలపడింది, దుబాయ్ నుంచి తెచ్చుకునేవాడికి బలహీనపడింది. 'పులా పడిపోయింది' అని ఎవరైనా అన్నప్పుడు దేనితో పోల్చి అని తిరిగి అడగాల్సింది అందుకే.

ఆ ఏప్రిల్ చివరి వారంలో, ఇక్కడ మందుల షాపు నడిపే ఒక పెద్దాయన నాకు ఫోన్ చేశారు. మాది గుంటూరు వైపు, ఆయనదీ అటే. 'తమ్ముడూ, మే ఒకటి నుంచి నెల నెలా 2.87 తగ్గిస్తారంట. ఏడాది తిరిగేసరికి మూడో వంతు పోతుంది కదా' అన్నారు. 'అన్నయ్యగారూ, అది ఏడాది లెక్క, నెల లెక్క కాదు. ఈ లాక్‌డౌన్ రోజుల్లో డాలరు ఎప్పుడూ లేనంత ఖరీదుగా ఉంది, ఆగండి' అని చెప్పాను. కానీ ఆయనకు వచ్చిన సందేశంలో ప్రభుత్వ ముద్ర బొమ్మ కూడా ఉందట, దాని ముందు నా మాట నిలవలేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువుకు ముందే తీయించి, రెండు లక్షల పులాలను 12.20 రేటుకు డాలర్లు చేశారు. సుమారు 16,390 డాలర్లు వచ్చాయి.

ఆ డిసెంబరు నాటికి రాండ్ కోలుకుని డాలరుకు 15 లోపుకు వచ్చింది, డాలరు కూడా ప్రపంచమంతటా మెత్తబడింది. రెండూ కలిసి పులాను 10.80 ప్రాంతానికి లాక్కొచ్చాయి. షాపు అద్దె, సరుకు బిల్లులు కట్టాల్సినవి పులాల్లోనే కనుక ఆయన ఆ డాలర్లను 10.70 రేటుకు తిరిగి అమ్ముకోవలసి వచ్చింది. చేతికి వచ్చింది లక్షా డెబ్బై అయిదు వేల చిల్లర. దాదాపు ఇరవై నాలుగున్నర వేల పులాలు పోయాయి, డిపాజిట్ వడ్డీ నష్టం దీనికి అదనం. ఆయన భయపడిన క్రాల్ ఆ ఎనిమిది నెలల్లో చేసిన పని మొత్తం 1.9 శాతం, అంటే రెండు లక్షల మీద 3,800 పులాలు. అది కూడా బుట్ట లెక్కలోనే తప్ప ఆయన జేబులోంచి నేరుగా పోయే డబ్బు కాదు. ఆ రోజు ఫోన్‌లో ఊరుకోకుండా కాగితం మీద ఈ లెక్క వేసి ఆయనకు చూపించి ఉండవలసిందని నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

రెండో అపోహ, క్రాల్ అంటే ప్రజల డబ్బును మెల్లగా కొరికి తినడం అన్నది. ఇందులోని లెక్కను కాస్త ఓపికగా చూడాలి. బోట్స్వానా కేంద్ర బ్యాంకు ద్రవ్యోల్బణ లక్ష్యం 3 నుంచి 6 శాతం, దాని మధ్య బిందువు 4.5. వ్యాపార భాగస్వామ్య దేశాల్లో ధరలు సగటున 3 శాతం పెరుగుతాయని అంచనా ఉందనుకుందాం. అప్పుడు తేడా ఒకటిన్నర శాతం. పులాను కదలనివ్వకపోతే ఇక్కడ తయారయ్యే వస్తువు బయటి వస్తువుతో పోల్చినప్పుడు ఏటా ఒకటిన్నర శాతం ఖరీదవుతుంది, పదేళ్లకు ఆ తేడా పదహారు శాతం దాకా పేరుకుంటుంది. రేటును ఏడాదికి ఒకటిన్నర శాతం జరిపితే ఆ పోటీ స్థాయి ఉన్నచోటనే ఉంటుంది. అంటే మన జేబుకు పడే చిల్లు ముందుగా ధరల పెరుగుదల వల్ల పడుతుంది, ఆ తేడాను రేటులో నమోదు చేయడమే క్రాల్ చేసే పని. కోవిడ్ దెబ్బకు బయటి దేశాల ధరల అంచనాలు పడిపోయిన 2020లో క్రాల్ వేగం పెరగడం కూడా ఈ లెక్కకు తగ్గట్టే ఉంది.

కదలికను ఆపి ఉంచితే ఏమవుతుందో ఈ దేశం చూసింది. క్రాల్ లేని రోజుల్లో, 2004 ఫిబ్రవరిలో ఒకసారి 7.5 శాతం, 2005 మే చివరలో మరోసారి 12 శాతం, పులా విలువను ఒక్క రాత్రిలో తగ్గించారు. అప్పుడు నేనొక హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాసేవాణ్ణి. రాండ్‌లలో కట్టాల్సిన బిల్లులు ఆ వారాంతం అలాగే బల్ల మీద ఉండిపోయాయి. సోమవారం తీసి చూస్తే వంద పులాలతో తీరే ప్రతి బిల్లుకూ పదమూడు పద్నాలుగు పులాలు అదనంగా పెట్టాల్సి వచ్చింది, అప్పటికే అమ్మేసిన సరుకుకు ఆ తేడా వసూలు చేసుకునే దారి లేదు. క్రాలింగ్ విధానం మొదలైంది ఆ రెండో కోతతోపాటే, అలాంటి కోత మళ్లీ అవసరం పడకూడదని.

మిగిలిన అపోహలకు ఇంత చోటు అవసరం లేదు. క్రాల్ ఎప్పుడూ కిందికే అన్నది తప్పు, 2016లో ఏడాదికి 0.38 శాతం పైకి కదిలించారు. క్రాల్ ఉంటే కరెన్సీ కూలదన్నదీ తప్పే. 1978 డిసెంబరులో అర్జెంటీనా నెలవారీ మెట్లను ముందే పట్టికగా ప్రకటించింది, ధరలు ఆ మెట్లకంటే వేగంగా పరుగెత్తాయి, 1981లో ఆ పట్టిక విరిగిపోయింది. ప్రకటించిన వేగం అసలు ద్రవ్యోల్బణ తేడాకంటే చాలా తక్కువగా చాలాకాలం నడవడం, విదేశీ మారక నిల్వలు నెల నెలా కరగడం, బ్యాంకులో డాలర్ల కోసం వారాల తరబడి ఎదురుచూడాల్సి రావడం, బయటి రేటుకూ బ్యాంకు రేటుకూ దూరం పెరగడం కలిసి కనిపిస్తే అప్పుడు భయపడటానికి కారణం ఉంటుంది. ఇవేవీ క్రాల్ శాతంలో కనిపించవు.

2025 జూలైలో మాత్రం నిజంగా గమనించాల్సిన మార్పు జరిగింది, దాన్ని అపోహల లెక్కలో కొట్టేయకూడదు. వజ్రాల అమ్మకాలు పడిపోయి నిల్వలపై ఒత్తిడి వచ్చిన సమయంలో క్రాల్‌ను 1.51 నుంచి 2.76 శాతానికి పెంచారు. అందరూ ఈ అంకెను పట్టుకున్నారు. అంతకంటే పెద్ద మార్పు, కేంద్ర బ్యాంకు కొనే, అమ్మే రేట్లు తన మధ్య రేటు నుంచి ఎంత దూరంలో ఉండవచ్చో చెప్పే ఎడాన్ని అటూ ఇటూ 0.5 శాతం నుంచి 7.5 శాతానికి పెంచడం. బ్యాంకులు ప్రతి అవసరానికీ కేంద్ర బ్యాంకు దగ్గరికి పరుగెత్తకుండా తమలో తాము కొని అమ్ముకోవాలన్నది దాని ఉద్దేశం. ఇది 7.5 శాతం డీవాల్యుయేషన్ కాదు, కానీ డాలర్లు కొనేవారికి పడే రేటు మధ్య రేటుకు ఇదివరకటికంటే చాలా దూరం జరగగల వీలు ఏర్పడింది. ఇంటికి డబ్బు పంపేవారు ఇప్పుడు రెండు మూడు బ్యాంకుల అమ్మకం రేట్లను ఒకే రోజు, ఒకే గంటలో అడిగి పోల్చుకోవాలి. క్రాల్ వల్ల ఏడాదంతా వచ్చే తేడా కంటే ఆ ఒక్క ఫోన్ కాల్‌లో బయటపడే తేడా ఎక్కువ ఉండవచ్చు.

మన రూపాయి గురించి కూడా ఈ మధ్య ఇలాంటి ప్రశ్నే వస్తోంది. 2025 నవంబరులో ద్రవ్యనిధి భారత మారకపు విధానాన్ని 'క్రాల్ వంటి ఏర్పాటు' అనే వర్గంలోకి మార్చింది. దాన్ని చూసి రిజర్వ్ బ్యాంకు రహస్యంగా రూపాయిని మెట్లు మెట్లుగా దించుతోందని రాసినవారున్నారు. ఆ వర్గీకరణ జరిగిపోయిన రేట్లను చూసి వేసే ముద్ర. ఆరు నెలలు లేదా అంతకంటే ఎక్కువ కాలం రేటు ఒక వాలుగీతకు 2 శాతం లోపలే తిరిగితే ఆ పేరు పెడతారు. పులాకు ముందే ప్రకటించిన వేగం ఉంది, బుట్ట ఉంది, ఎడం ఉంది. రూపాయికి అలా ప్రకటించిన వేగం గానీ తేదీల పట్టిక గానీ ఏదీ లేదు.