ఉబుంటు అంటే ఉచితంగా క్షమించడం కాదు

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో మధ్యవర్తిత్వం నా వృత్తి. అద్దె తగాదాలు, పనిచేసే చోట పడ్డ మాటలు, రెండు కుటుంబాల మధ్య తేలని లెక్కలు కోర్టు మెట్లు ఎక్కకముందు నా బల్ల దగ్గరికి వస్తాయి. ఇక్కడి జూలూ జనం మనిషితనానికి వాడే ఉబుంటు అనే మాట నేను ఎక్కువగా వినేది తప్పు చేసినవారి నోట. నష్టపోయిన మనిషి ఇంకా తన గోడు చెప్పుకోవడం పూర్తి కాకముందే అవతలివారు, "మీ జూలూల్లో ఉబుంటు ఉంది కదా, ఇక మరిచిపోండి" అంటారు. ఈ మధ్య మన తెలుగువారు కూడా, ఇక్కడ ఉద్యోగాలకు వచ్చినవారు, అదే మాట పట్టుకుంటున్నారు. శిక్షణ తరగతుల్లో, ఫోనులో తిరిగే కథల్లో నేర్చుకున్న ఉబుంటు అది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

అపోహ: ఉబుంటు అంటే అడగ్గానే క్షమించే గుణం.

జనానికి ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే కాబట్టి దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. "ఉముంటు న్గుముంటు న్గబంటు", మనిషి ఇతర మనుషుల వల్లనే మనిషి అవుతాడు అనే సామెత అందరికీ తెలిసిందే. దీన్ని ఓదార్పు మాటగా చదువుతారు. జూలూ పెద్దలు దీన్ని హెచ్చరికగా కూడా వాడతారు. ఇతరులతో నడుచుకునే తీరును బట్టి నీ మనిషితనం పెరుగుతుంది, తరుగుతుంది కూడా. క్రూరంగా ప్రవర్తించినవాడిని "వాడు మనిషి కాడు" అని నేరుగా అనేస్తారు. అలా పోగొట్టుకున్నదాన్ని తిరిగి సంపాదించుకోవలసిన బాధ్యత తప్పు చేసినవాడిదే. దెబ్బ తిన్నవాడిది కాదు.

ఎలా సంపాదించుకోవాలో చూడాలంటే ఇన్‌హ్లావులోను చూడండి. పెళ్లి కాని అమ్మాయి గర్భవతి అయినప్పుడు అబ్బాయి కుటుంబం చెల్లించే పరిహారం అది. దాన్ని జరిమానా అనుకొని వదిలేస్తే అసలు విషయం జారిపోతుంది.

మొదట అమ్మాయి తరఫువారు అబ్బాయి ఇంటికి వెళ్తారు. దీన్ని "ఉకుబికా ఇసీసు" అంటారు, గర్భం సంగతి తెలియజేయడం. చాలా కుటుంబాల్లో అమ్మాయిని వెంట తీసుకుపోతారు. అబ్బాయిని పెద్దల ముందుకు పిలిచి, ఈ అమ్మాయి నీకు తెలుసా, ఈ గర్భం నీదేనా అని అడుగుతారు. అతను ఒప్పుకుంటే తప్ప తర్వాతి మెట్టు లేదు. కాదంటే ఆ రోజుకు అందరూ లేచి వెళ్లిపోతారు, బిడ్డ పుట్టాక పోలికలు చూద్దామనే మాట వస్తుంది. ఒప్పుకుంటే బేరం మొదలవుతుంది. ఎన్ని పశువులు, వాటికి బదులు డబ్బయితే ఒక్కో పశువుకు ఎంత అని. ఇప్పుడు నగరాల్లో ఎక్కువగా డబ్బే ఇస్తున్నారు, కానీ లెక్క మాత్రం ఇంకా పశువుల్లోనే చెబుతారు. వీటిలో ఒక పశువో మేకో అమ్మాయి ఈడు పిల్లల శుద్ధి కోసం ప్రత్యేకంగా ఇవ్వాలి. తప్పు తగిలింది ఒక్క అమ్మాయికే కాదు, ఆమెతో తిరిగే అమ్మాయిలందరికీ అని ఆ సంప్రదాయం భావిస్తుంది. అందుకే వారికీ పరిహారం చెల్లించమంటుంది.

వరుస గమనించండి. ముందు నలుగురిలో ఒప్పుకోలు, తర్వాత పరిహారం, ఆ తర్వాతే శుద్ధి, కలిసి తినడం. సయోధ్య చివర వస్తుంది. మొదటి రెండూ ఎగ్గొట్టి మూడోది అడిగేవారిని జూలూ పెద్దలు ఉబుంటు ఉన్నవారుగా లెక్కించరు.

నా దగ్గరికి వచ్చిన ఒక వ్యవహారం చెబుతాను. ఒక దుకాణదారు తన దగ్గర పనిచేసే జూలూ అమ్మాయిని గల్లాపెట్టెలో డబ్బు తీసిందని కొనుగోలుదారుల ముందే నిందించి పంపేశాడు. కొన్నాళ్లకు ఆ డబ్బు అతని సంచీలోనే బయటపడింది. మనిషి చెడ్డవాడేమీ కాదు, నిజంగానే సిగ్గుపడ్డాడు. నా గదిలో కూర్చొని ఆమెకు క్షమాపణ చెప్పాడు, మళ్లీ పనిలోకి రమ్మన్నాడు. ఆమె తల వంచుకొని ఉంది. అతనికి ఓపిక పోయి, "నీలో ఉబుంటు లేదా అమ్మా?" అన్నాడు. పక్కన కూర్చున్న ఆమె మేనమామ అప్పటిదాకా మాట్లాడలేదు. "బజారులో అన్న మాటను ఈ గదిలో తలుపు వేసుకొని వెనక్కి తీసుకుంటారా అయ్యా? మా వీధిలో ఆ మాట ఇంకా తిరుగుతోంది. మీ ఇంటి నుంచి ఒక్కరైనా మా గడప తొక్కారా?" అని అడిగాడు.

ఆ రోజు ఒప్పందం కుదరలేదు. తర్వాత దుకాణదారు తన అన్నను వెంటబెట్టుకొని వాళ్ల ఇంటికి వెళ్లాడు. పోయిన జీతం కట్టాడు, శుద్ధి కోసం మేక ఖర్చు పెట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరి చేతుల మీద ఒకరు నీళ్లు పోసుకున్నారు. "ఉకుతెలెలానా అమాంజి" అంటారు దాన్ని, వైరం కడుక్కోవడం. ఆ వారాంతంలో రద్దీ వేళ, దుకాణంలో, తాను పొరబడ్డానని అందరూ వినేలా చెప్పాడు. అమ్మాయి క్షమించింది. పనిలోకి మాత్రం తిరిగి రాలేదు. రావాలని ఆమె పెద్దలెవరూ అనలేదు కూడా.

చదువుకున్నవారు దీన్ని పల్లెటూరి పద్ధతి అని కొట్టిపారేస్తుంటారు. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానంలో 2006లో డికోకో, మోఖాట్లా కేసు తీర్పు చూడండి. నార్త్ వెస్ట్ రాష్ట్రంలో ఒక జిల్లా మేయరు మీద మొబైల్ ఫోను బిల్లుల బకాయి పడింది. ఆ బకాయికి కారణం తమ సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారేనని ఆయన ఒక విచారణ సంఘం ముందు అన్నాడు. అధికారి పరువు నష్టం దావా వేశాడు. కింది కోర్టు 1,10,000 ర్యాండ్లు ఇప్పించింది. రాజ్యాంగ న్యాయస్థానంలో మెజారిటీ న్యాయమూర్తులు ఆ మొత్తాన్ని అలాగే ఉంచారు. న్యాయమూర్తి ఇవాన్ మొక్గోరో, ఆమెతో పాటు ఆల్బీ సాక్స్ ఆ డబ్బు విషయంలో వేరుగా రాశారు. పరువు పోయినవారికి డబ్బు మూట కన్నా నిజాయితీతో కూడిన బహిరంగ క్షమాపణ ఎక్కువ మేలు చేస్తుందని, ఉబుంటు కోరేది అదేనని వారి వాదం. అయినా డబ్బును పూర్తిగా కొట్టేయమని మొక్గోరో అనలేదు, తగ్గించమన్నారు. దేశంలోని అత్యున్నత న్యాయస్థానంలో ఉబుంటు పేరెత్తి రాసిన న్యాయమూర్తులు కూడా "పోనీలే" అనలేదు.

అపోహ: టుటు గారి సత్య, సయోధ్య సంఘం ఉబుంటుతో హంతకులందరినీ క్షమించింది.

వర్ణవివక్ష కాలపు నేరాలను విచారించడానికి ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షతన పెట్టిన సంఘం అది. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. 1995 నాటి చట్టం ప్రకారం క్షమాభిక్షకు షరతులు రెండు: నేరం రాజకీయ ఉద్దేశంతో జరిగి ఉండాలి, దాని గురించి తెలిసినదంతా చెప్పాలి. పశ్చాత్తాపం షరతు కాదు, "తప్పయింది" అనకపోయినా సరిపోయేది. 7,112 మంది దరఖాస్తు చేసుకుంటే 849 మందికి దక్కింది. అందరినీ వదిలేశారన్న మాట అక్కడే తేలిపోయింది.

అసలు గాయం వేరే చోట ఉంది. క్షమాభిక్ష దొరికినవారికి అది వెంటనే అమలైంది. బాధితులకు ఆరేళ్లపాటు ఏటా కొంత మొత్తం ఇవ్వాలని సంఘం సిఫారసు చేస్తే, ప్రభుత్వం 2003లో మనిషికి 30,000 ర్యాండ్లు ఒకేసారి ఇచ్చి చేతులు దులుపుకుంది. 1993 నాటి తాత్కాలిక రాజ్యాంగం చివరి భాగంలో ప్రతీకారం వద్దు, పరిహారం కావాలి, ఉబుంటు కావాలి అని ఒకే వాక్యంలో రాసుకున్నారు. మధ్యలోని ఆ పరిహారం మాట ఎవరికీ గుర్తుండదు. బాధితుల కుటుంబాల్లో పెద్దవాళ్లు నాతో మాట్లాడేటప్పుడు ఉబుంటు మాట వస్తే ముఖం తిప్పుకోవడం చూశాను. వాళ్లను కక్షగలవాళ్లు అనడానికి నాకు నోరు రాదు.

మిగతావి తొందరగా ముగిస్తాను.

చెట్టు కింద పళ్ల బుట్ట, పరుగు పందెం పెట్టిన పరిశోధకుడు, గెలవడం కన్నా పంచుకోవడమే ఉబుంటు అంటూ చేతులు పట్టుకొని కలిసి పరుగెత్తిన పిల్లల కథ ఫోనుల్లో తిరుగుతోంది కదా. ఏ ఊరో, ఏ ఏడాదో, ఆ పరిశోధకుడు ఎవరో చెప్పినవారు ఇప్పటిదాకా నాకు ఎదురుపడలేదు. దయచేసి నాకు పంపకండి.

"మనం ఉన్నాం కాబట్టి నేను ఉన్నాను" అనేది జూలూ సామెత కాదు. కెన్యాకు చెందిన జాన్ మ్బితి 1969లో ఆఫ్రికన్ మతాల గురించి రాస్తూ వాడిన వాక్యం అది.

ఉబుంటు జూలూల సొత్తు అనడం కూడా సగం నిజమే. ఖోసా వారిదీ అదే మాట. సోతో, త్స్వానా వారు బోతో అంటారు, షోనా వారు ఉన్హు అంటారు. మార్క్ షటిల్‌వర్త్ 2004లో తెచ్చిన కంప్యూటర్ వ్యవస్థకు ఈ పేరు పెట్టిన మాట నిజం. ఇన్‌స్టాల్ చేయడంలో సందేహాలుంటే నన్ను అడగకండి.

రాజ్యాంగంలో ఉబుంటు ఉందని చాలామంది రాస్తారు. 1993 నాటి దానిలో ఉంది. ఇప్పుడు అమల్లో ఉన్న 1996 రాజ్యాంగంలో ఆ మాట లేదు. అయినా 1995లో మరణశిక్షను కొట్టేసిన తీర్పు మొదలుకొని న్యాయమూర్తులు దాన్ని వాడుతూనే ఉన్నారు.

అపోహ: ఇన్‌హ్లావులో కట్టేస్తే బాధ్యత తీరిపోయింది.

ఇది మాత్రం తొందరగా వదిలేది కాదు, దీనివల్ల బిడ్డలు నష్టపోతున్నారు. సంప్రదాయంలో ఇన్‌హ్లావులో సాధారణంగా అందేది అమ్మాయి కుటుంబానికి. బిడ్డ పాలకూ బడికీ దాంతో సంబంధం లేదు. ఉబుంటును ఇష్టపడే నేనే ఒప్పుకోవాల్సిన లోపం ఇది. పెద్దల మధ్య లెక్క తేలుతుంది కానీ గర్భం మోసిన అమ్మాయి చేతికి తరచుగా ఏమీ రాదు. కుటుంబ గౌరవం పేరుతో ఆమె నోరు నొక్కడమూ జరుగుతుంది.

చట్టం ఈ పరిహారాన్నీ బిడ్డ పోషణనూ విడదీసింది. 2005 నాటి బాలల చట్టం, 21వ సెక్షన్ ప్రకారం, పెళ్లి కాని తండ్రికి బిడ్డ మీద హక్కులు రావడానికి ఉన్న దారుల్లో సంప్రదాయం ప్రకారం పరిహారం కట్టడం ఒకటి. దానితో పాటు బిడ్డ పెంపకానికి, పోషణకు తగినకాలం సాయం చేసి ఉండాలి, లేదా నిజాయితీగా ప్రయత్నించి ఉండాలి. అదే సెక్షన్ ఇంకో మాట కూడా చెబుతుంది: హక్కులు వచ్చినా రాకపోయినా పోషణ ఖర్చు ఇచ్చే బాధ్యత తండ్రికి ఉంటుంది. ఇన్‌హ్లావులో కట్టినవాడి నుంచి కూడా తల్లి పోషణ కోర్టులో భరణం అడగవచ్చు. కట్టలేనివాడూ తప్పించుకోలేడు.

భయపడుతూ వచ్చే తల్లులకు, ముఖ్యంగా "డబ్బు తీసుకున్నాం, ఇక కోర్టుకు వెళ్తే మాట తప్పినట్టు అవుతుందేమో" అని వణికేవారికి నేను చెప్పేది ఒకటే. పెద్దలు కూర్చున్న రోజే కాగితం రాయించండి. అబ్బాయి ఒప్పుకున్నాడన్న మాట, ఎన్ని పశువులకు ఎంత డబ్బు ముట్టిందో, ఇంకెంత బాకీ ఉందో ఒక వరుసలో పెట్టండి. ఇది భరణం కాదు, భరణం వేరు అనే మాట ఇంకో వరుసలో పెట్టండి. రెండు వైపుల పెద్దలతో సంతకం చేయించండి. కింది వరుస రాయించడానికి ఎవరైనా వెనకాడితే అక్కడే ఆపి, నాలాంటివారి దగ్గరికి కాకుండా నేరుగా మేజిస్ట్రేటు కోర్టులోని భరణం విభాగానికి వెళ్లండి.