నీళ్లతో గట్టిపడే జిప్సమ్‌కు నీళ్లంటే ఎందుకు భయం?

హనుమకొండలో ఇల్లు కడుతున్న మా బావమరిది మొన్న ఫోన్ చేశాడు. "బావా, గోడలకు సిమెంటు బదులు జిప్సమ్ కొట్టిస్తే లప్పం ఖర్చు మిగుల్తది, క్యూరింగ్ కూడా అక్కర్లేదంటున్నడు మేస్త్రీ. శ్రావణంల గృహప్రవేశం పెట్టుకున్నం. కొట్టియ్యాల్నా?"

మేస్త్రీ చెప్పిన రెండు మాటలూ నిజమే. అయితే నీళ్ల సంగతి ఆయన చెప్పలేదు.

జిప్సమ్ రాయిలో బరువుకు అయిదో వంతు నీరే ఉంటుంది. అది తడిగా కనిపించే నీరు కాదు, స్ఫటికంలో ఇరుక్కున్న నీరు. రాయిని 150 డిగ్రీల దగ్గర కాలిస్తే అందులో ముప్పావు వంతు పోతుంది. మిగిలే తెల్లపొడే బస్తాల్లో వచ్చేది. బడిలో మాకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఫార్ములా బట్టీ పట్టించారు కానీ, నీళ్లు పోస్తే అది ఎందుకు గట్టిపడుతుందో ఒక్క సారూ చెప్పలేదు. అసలు ముచ్చటంతా అక్కడే ఉంది.

ఆ పొడి నీళ్లలో కొంచెం కరుగుతుంది. పోగొట్టుకున్న నీటిని మళ్లీ పట్టుకుని జిప్సమ్‌గా మారుతుంది. అయితే జిప్సమ్ కరిగేది పొడితో పోలిస్తే మూడో వంతే. అంటే పొడి కరిగినంతగా జిప్సమ్ నీళ్లలో నిలవలేదు, సన్నటి సూదుల్లా బయటపడుతుంది. నీళ్లలో చోటు ఖాళీ కాగానే ఇంకొంత పొడి కరుగుతుంది, ఇంకొన్ని సూదులు పుడతాయి. తుమ్మకంప కుప్ప పోసినట్టు అవి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి. అరగంటలో గోడ గట్టిపడుతుంది, చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. కడగని బకెట్‌లో కలిపితే మాల్ ముందే ఎందుకు గడ్డకడుతుందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. అడుగున అంటుకున్న పాత సూదులు కొత్తవాటికి విత్తనాలవుతాయి. గడ్డకడుతున్న మాల్‌లో ఇంకొన్ని నీళ్లు పోసి తిప్పితే అల్లుకున్న సూదులు విరుగుతాయి. అది ఆరాక గోరుతో గీకితే రాలుతుంది.

సిమెంటు పద్ధతి వేరు. అది రోజుల తరబడి నీరు తాగుతూ బలపడుతుంది కాబట్టే కనీసం వారం తడపాలి. ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, అందుకే వెంట్రుకవాసి పగుళ్లు. పైన ఇసుక గరుకు కూడా ఉంటుంది కనుక రెండు చేతులు లప్పం తప్పదు. జిప్సమ్ గట్టిపడేటప్పుడు కొద్దిగా ఉబ్బుతుంది, అందుకే అలాంటి పగుళ్లు తక్కువ. తాపీతో చివరిసారి లాగితేనే నున్నగా వస్తుంది, ఆరాక ప్రైమర్, ఆపైన రంగు.

చిక్కు ఆ 'ఆరాక' అన్న మాటలోనే ఉంది. బావమరిది పడకగది పది అడుగులకు పన్నెండు, ఎత్తు పది. తలుపు, కిటికీ తీసేస్తే గోడలు 380 చదరపు అడుగులు. పాతిక కిలోల బస్తా 21 అడుగులకు వస్తుందనుకుంటే 18 బస్తాలు. ఒక్కో బస్తాకు 16 లీటర్ల నీళ్లు పోస్తారు. స్ఫటికాల్లోకి పోయేది నాలుగున్నర లీటర్లే, మిగతావి తాపీ ఆడటానికి. అంటే ఒక్క గదిలో 200 లీటర్లు, నిండా ఒక డ్రమ్ము నీళ్లు, గోడలోంచి గాలిలోకి పోవాలి. ఎండాకాలంలో కిటికీలు తెరిచి పెడితే వారం, పది రోజులు. ముసురు పట్టిన శ్రావణంలో అందుకు రెట్టింపు కూడా చాలకపోవచ్చు. పంతులు ముహూర్తం చూసేటప్పుడు గాల్లో తేమ చూడడు కదా! ఆరకముందే రంగేస్తే బుడగలు లేస్తాయి, మూలల్లో నల్లటి బూజు పడుతుంది.

ఆరిన తర్వాత కూడా ముప్పు పూర్తిగా పోదు. జిప్సమ్ లీటరు నీటికి రెండు గ్రాముల పైనే కరుగుతుంది. చెమ్మ చేరితే సూదుల మధ్య పట్టు సడలి, గోడ బలం సగానికి పడిపోతుంది. గట్టిపడిన సిమెంటు అలా కరగదు. అందుకే బాత్రూమ్ లోపల, సింకు వెనక, బయటి గోడల మీద జిప్సమ్ వద్దు. కింది నుంచి చెమ్మ ఎక్కే గ్రౌండ్ ఫ్లోర్ గోడకూ వద్దు.

గోడ కూడా ముందే ఆరి ఉండాలి. కాంక్రీటు పిల్లర్లు, బీముల్లో తేమ 3 శాతం దాటకూడదు. మీటరు లేకపోతే మూరెడు పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. లోపల నీటి బొట్లు కనిపిస్తే ఆగాలి. పచ్చి సిమెంటు మీద జిప్సమ్ కొడితే ఇంకో గొడవ: తడి ఉన్నంతకాలం రెండూ కలిసి ఎట్రింజైట్ అనే ఉబ్బే స్ఫటికాన్ని పుట్టిస్తాయి. పూత గోడను వదిలేస్తుంది, వేలితో కొడితే డొల్ల చప్పుడు వస్తుంది. సిమెంటు బస్తాలోనూ కాస్త జిప్సమ్ కలుపుతారు, అది వెంటనే గడ్డకట్టకుండా. ఆ కాస్త మందు, ఎక్కువైతే విషం.

బావమరిదికి ఇలా చెప్పాను: హాల్లో, పడకగదుల్లో జిప్సమ్. బాత్రూమ్‌ను ఆనుకున్న గోడకు పడకగది వైపు కూడా సిమెంటే. రెండూ కలిసేచోట సన్నటి గాడి. నేల తుడిచిన నీళ్లు పైకి పీల్చకుండా జిప్సమ్‌ను నేలకు తాకనివ్వకుండా కొంచెం పైనే ఆపి, కింద స్కర్టింగ్ టైలు.

"మరి ముహూర్తం బావా?" అన్నాడు. పాలు పొంగించుకోండి, రంగు మాత్రం దసరాకి వేయించండి అన్నాను.