తెల్లదనమా, తెల్లతనమా?

శ్రీకాకుళం

చి. పిల్లలకు, తాతయ్య ఆశీస్సులు.

పొందూరు పంచె గురించి మీరు రాసి పంపిన కాగితం చదివాను. ‘నేతగాళ్ల పనితనం’ అన్నది బాగుంది. ఆ పక్కనే ‘బట్ట తెల్లతనం, మెత్తతనం’ అని ఉంది చూడండి, అక్కడ తనం కాదు, దనం రావాలి. తెల్లదనం, మెత్తదనం.

మరి పనితనానికి, మంచితనానికి, మొండితనానికి ‘త’ ఎందుకు ఉండిపోయింది? మాట చివర ‘ని’ పెట్టి చూడండి. తెల్లని బట్ట, మెత్తని పరుపు, చల్లని నీళ్లు, కమ్మని పెరుగు, పచ్చని చేను అంటాం. ‘మొండిని పిల్లాడు’ అని ఎవరూ అనరు. ‘ని’ చక్కగా అతికిన మాటకు దనం, అతకని మాటకు తనం. కారణం కూడా ఉంది. పూర్వం ఈ మాటలు తెల్లన, చల్లన అని నకారంతో ఉండేవి. ఆ నకారం తగిలి ‘త’ కాస్తా ‘ద’ అయింది, నకారం జారిపోయింది. పాత పుస్తకాల్లో ‘చల్లఁదనము’ అని మధ్యలో అరసున్న కనబడుతుంది. జారిపోయిన నకారానికి అది గుర్తు.

ఈ పరీక్షకు లొంగనివీ ఉన్నాయి. కొత్తని, గొప్పని అనకపోయినా కొత్తదనం అంటాం. గొప్పతనం, గొప్పదనం రెండూ వాడుకలో ఉన్నాయి. పేదకు మాత్రం పేదరికమే అలవాటు. అందం, ధైర్యం లాంటివి అప్పటికే గుణాల పేర్లు. వాటికి మళ్లీ తోక తగిలించి ‘ధైర్యతనం’ అనకండి, చెవికి కష్టంగా ఉంటుంది.

క్రియల సంగతి ఇంకా తమాషా. నేయు నుంచి నేత, కోయు నుంచి కోత, నడుచు నుంచి నడక, ఓర్చు నుంచి ఓర్పు. ఒక్కోదానికి ఒక్కో దారి, వాడుకలో నేర్చుకోవాల్సిందే. ఏదీ తోచకపోతే నేయడం, కోయడం అని ‘డం’ చేర్చండి, తప్పుండదు. అయితే నేత అంటే పనీ అవుతుంది, బట్ట అల్లిక తీరూ అవుతుంది. నేయడం అంటే పని ఒక్కటే.

క్రియ దగ్గర తనం రావాలంటే సాధారణంగా ‘కాదు, లేదు’ అనే అర్థం ఉండాలి. చేతకానితనం, ఓర్వలేనితనం, తెలియనితనం. వీటిని తిరగేసి ‘ఓర్చినతనం’, ‘తెలిసినతనం’ అని చూడండి, నిలవవు. అక్కడ ఓర్పు, తెలివి అనే వేరే మాటలు కూర్చుని ఉన్నాయి. డబ్బు విషయంలో లేనితనం ఉంది గానీ ‘ఉన్నతనం’ లేదు, దానికి కలిమి అనాలి.

‘పెద్ద’ నుంచి ఏం వస్తుందని చిన్నవాడు అడిగాడు. ఇంట్లో పెద్దగా ఉండి మంచీ చెడ్డా చూస్తే పెద్దరికం. అందరి మీదా అజమాయిషీ చేస్తే పెత్తనం. అదీ పెద్దతనమే, నోట్లో నలిగి అలా అయింది. నాది ఏదో మీ నాయనమ్మను అడగండి.

ఇట్లు,
మీ తాతయ్య