కావాల్సిన డొమైన్ వేరేవాళ్ల దగ్గరుంటే: ధర, బేరం మీద అపోహలు - వాస్తవాలు

అపోహ: ఏడాదికి పది డాలర్ల రెన్యువల్ పేరుకి నూట యాభై ఇస్తే చాలా ఎక్కువ.

అది యజమాని ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. పేర్లు కొని అమ్మే డీలర్ దగ్గర వంద పేర్లున్నాయనుకోండి. రెన్యువల్‌కే ఏడాదికి వెయ్యి డాలర్లు. ఏడాదిలో ఒక్క పేరే అమ్ముడైతే, లాభం మాట అటుంచి, ఖర్చు రాబట్టడానికే దానికి వెయ్యి రావాలి. నూట యాభై డాలర్ల మెయిల్‌కి జవాబు రాకపోవడానికి కారణం ఈ లెక్కే.

అందుకే ధర గురించి ఆలోచించే ముందు యజమాని ఏ రకమో తేల్చుకోవాలి. `lookup.icann.org`లో పేరు వెతకండి. 2018 మే నుంచి యజమాని పేరు, మెయిల్ చాలావరకు దాచే ఉంటాయి. అయినా రిజిస్టర్ చేసిన తేదీ, గడువు, నేమ్‌సర్వర్లు కనిపిస్తాయి. నేమ్‌సర్వర్ ఏదైనా డొమైన్ మార్కెట్‌ప్లేస్‌ది అయితే యజమాని అమ్మకానికి సిద్ధంగా ఉన్నట్టే. సైట్ తెరుచుకోకపోతే ఎవరూ వాడటం లేదని అనుకోవద్దు. ముందు example.com చోట ఆ పేరు పెట్టి, టెర్మినల్‌లో ఇది చూడండి:

```
dig MX example.com
```

ఇక్కడ మెయిల్ సర్వర్ కనిపిస్తే ఆ పేరు మీద ఎవరికో ఉత్తరాలు వస్తూ ఉండొచ్చు. వాళ్లు పేరుతో పాటు మెయిల్ చిరునామాలన్నీ మార్చుకోవాలి, ఆ శ్రమకు కూడా ధర కడతారు.

అపోహ: ఉచిత అప్రైజల్ టూల్ చూపించినదే న్యాయమైన ధర.

ఒకే పేరుకి రెండు టూల్స్ పొంతన లేని అంకెలు చూపించడం మామూలే. అంతకన్నా గట్టి ఆధారం పాత అమ్మకాలు. డొమైన్ల పాత అమ్మకాలను నమోదు చేసే నేమ్‌బయో సైట్‌లో మీ పేరులోని ముఖ్యమైన మాట పెట్టి, అదే ఎక్స్‌టెన్షన్‌లో గత మూడేళ్ల అమ్మకాలు చూడండి. డాట్ కామ్‌కి డాట్ నెట్ ధర కొలమానం కాదు.

ఉదాహరణకు, రెండు మాటల డాట్ కామ్ పేరుకి ఎనిమిది అమ్మకాలు దొరికాయనుకుందాం. నాలుగు 120 నుంచి 400 డాలర్ల మధ్య, మూడు 1,800 నుంచి 3,200 మధ్య, ఒకటి 14,000. మొదటి నాలుగూ వేలంలో పోయాయి. అక్కడ కొనేది ఎక్కువగా డీలర్లే కాబట్టి అవి టోకు ధరలు, మీకు రావు. 14,000 పలికిన పేరులో రెండో మాట ఇంకా పెద్ద వ్యాపారానికి సంబంధించినది, దాన్నీ తీసేయండి. మిగిలిన మూడే మీ కొలమానం.

ఒక్క జాగ్రత్త. ఆ జాబితాలో ఉండేవి అమ్ముడైన పేర్లే. అలాంటివే ఏళ్ల తరబడి అమ్ముడుపోకుండా పడి ఉన్నవి అందులో కనిపించవు. అందుకని మధ్య అంకె కన్నా కింద అంకె వైపే మొగ్గడం మంచిది. ఈ పేరుకి 1,200తో మొదలుపెట్టి 2,200 దగ్గర ఆగడం సబబు. ఆ పైఅంకె మెయిల్ రాయకముందే కాగితం మీద పెట్టుకోండి. ఇంకో మాట చేర్చిన ఖాళీ పేరుతో మీ పని సగం జరిగినా, పైఅంకెను ఇంకా దించాలి.

అపోహ: విద్యార్థినని, సరదాకి అడుగుతున్నానని రాస్తే తక్కువకి ఇస్తారు.

మీ మెయిల్ చిరునామా వెతికితే అసలు సంగతి నిమిషంలో తెలిసిపోతుంది, తర్వాత మీరు చెప్పే అంకెనూ నమ్మరు. అసలు పేరుతో నాలుగు వాక్యాలు రాస్తే చాలు. సబ్జెక్ట్‌లో డొమైన్ పేరు, లోపల అమ్ముతారా అన్న ప్రశ్న, మీ అంకె, పేరు చేతికొచ్చేదాకా డబ్బు మధ్యవర్తి దగ్గర ఉండే ఎస్క్రో ద్వారా ఇస్తామన్న మాట. మీ ప్రణాళికలు, లాంచ్ తేదీ రాయొద్దు. తొందరలో ఉన్నారని తెలిస్తే ధర పెరుగుతుంది. సంస్థలో ముగ్గురు వేర్వేరుగా అడిగినా అంతే, యజమానికి ముగ్గురు కొనుగోలుదారులు వచ్చినట్టు కనిపిస్తుంది.

యజమాని మెయిల్ దాచి ఉంటే రిజిస్ట్రార్ ఇచ్చే ఫారం ద్వారా పంపాలి. అది చేరిందో లేదో మీకు తెలియదు, స్పామ్‌లో పడొచ్చు. పది రోజులకి ఒక్కసారి మళ్లీ పంపండి. అప్పటికీ జవాబు లేకపోతే వేబ్యాక్ మెషీన్‌లో ఆ సైట్ పాత పేజీలు తెరిచి, సంస్థ ఇచ్చుకున్న చిరునామా ఉందేమో చూడండి.

అపోహ: గడువు దాటేదాకా ఆగితే మామూలు ధరకే వస్తుంది.

గడువు తేదీ తర్వాత కూడా డాట్ కామ్ యజమానికి రెన్యువల్ చేసుకునే సమయం ఉంటుంది. తొలగించాక కూడా 30 రోజుల్లోపు అదనపు ఫీజుతో వెనక్కి తీసుకోవచ్చు. ఆ తర్వాత ఇంకో 5 రోజులు గడిచాకే పేరు ఖాళీ అవుతుంది. మంచి పేర్లయితే అంతదాకా రావు, చాలా రిజిస్ట్రార్లు ముందే వేలంలో పెడతాయి.

అపోహ: ట్రేడ్‌మార్క్ పేరు చెప్పి బెదిరిస్తే దిగివస్తారు.

డొమైన్ పేర్ల మీద ట్రేడ్‌మార్క్ తగాదాలు తేల్చే యూడీఆర్‌పీలో గెలవాలంటే మూడూ రుజువు కావాలి: పేరు మీ మార్క్‌ను పోలి ఉండటం, యజమానికి దానిపై న్యాయమైన హక్కు లేకపోవడం, దురుద్దేశంతోనే రిజిస్టర్ చేసి వాడటం. మీ మార్క్ పుట్టకముందే రిజిస్టర్ అయిన పేరు దగ్గర మూడోది మామూలుగా నిలవదు. బెదిరించే మెయిల్ రాసే ముందు రిజిస్టర్ చేసిన తేదీని మీ మార్క్ తేదీతో పోల్చి చూడండి. మీదే తర్వాతదైతే ఆ మెయిల్ పంపొద్దు. డీలర్‌కి ఈ నియమం మీకన్నా బాగా తెలుసు, ఆపైన బేరానికే రాడు.