మూత్రం ధార సన్నబడిన కుర్రాళ్ళ కోసం: 'ఇంకోసారి లేజర్ పెట్టించుకుంటే సరిపోతుంది' అనే అపోహ

ఆ మధ్య ఒక్క వారంలో ముగ్గురు వచ్చినారు, ముగ్గురూ ముప్పై లోపు వాళ్ళే, ముగ్గురి మాటా ఒకటే. "సార్, ధార మళ్ళా సన్నబడింది, పోయిన తూరి మాదిరి లేజర్ పెట్టేయండి." తిరుపతిలో యూరాలజిస్టుగా నేను ఎక్కువ సార్లు విన్న మాట ఇదే. ప్రతిసారీ మనసు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆ పిల్లోడు అప్పటికే రెండు మూడు సార్లు కోయించుకుని, అప్పు చేసి, ఇంకా అదే దారిలో పోతా ఉంటాడు.

వాళ్ళలో ఒకతని సంగతి చెప్తా. బంగారుపాళెం వైపు ఊరు, 27 ఏళ్ళు. ఐదేళ్ళ కింద తోతాపురి కోతకు చెట్టెక్కి జారి, కింది కొమ్మ మీద రెండు కాళ్ళ మధ్య పడినాడు. ఆ రోజు మూత్రంలో నాలుగు చుక్కలు రక్తం వచ్చింది, రెండు రోజుల్లో ఆగిపోయింది, నొప్పీ పోయింది, ఇక మర్చిపోయినాడు. ఎనిమిది నెలల తర్వాత ధార సన్నబడింది. ఇంట్లో "వేడి చేసింది" అని బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు ఇచ్చినారు. మెడికల్ షాపులో వాళ్ళ నాయన వాడే ప్రోస్టేట్ మాత్రలే ఇతనికీ ఇచ్చినారు. ఆ మాత్రలు ప్రోస్టేట్ దగ్గర కండరాన్ని వదులు చేస్తాయి అంతే, మచ్చను కరిగించలేవు, బార్లీ నీళ్ళు కూడా కరిగించలేవు.

మచ్చ అన్నాను కదా, అదే అసలు విషయం. మూత్రనాళం వృషణాల వెనక, సైకిల్ సీటుకు ఆనే చోట, ఎముకకు దగ్గరగా ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలితే కొమ్మకూ ఎముకకూ మధ్య నాళం నలిగిపోతుంది. పైకి మానినట్టే ఉంటుంది గానీ లోపల గాయం మచ్చగా మారి, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి నిదానంగా ముడుచుకుంటుంది. దీన్నే స్ట్రిక్చర్ అంటాం. పడిన రోజుకూ ధార సన్నబడిన రోజుకూ ఇంత ఎడం ఉంటుంది కాబట్టే రెండింటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు, నేను "ఎప్పుడైనా పడినావా నాయనా" అని గుచ్చి గుచ్చి అడిగితే తప్ప గుర్తుకురాదు.

అపోహ: స్కోప్‌తో కోస్తే, లేకపోతే లేజర్ పెడితే తగ్గుతుంది, మళ్ళీ వస్తే మళ్ళీ కోయించుకోవచ్చు.

స్కోప్ లోపలికి పంపి మచ్చను చీలిస్తే దారి తెరుచుకుంటుంది, మరుసటి రోజే ధార బాగా వస్తుంది, మనిషి సంతోషపడతాడు. కానీ మనం మచ్చను తీసేయలేదు, చీల్చినాం. ఆ చీలిక పచ్చి గాయం. దాని మీద కొత్త పొర పాకేలోపే మచ్చ మళ్ళీ ముడుచుకుంటే, ఇంతకుముందు కంటే గట్టిగా పూడుకుంటుంది. లేజర్ అయినా చాకు అయినా ఇదే కథ, లేజర్ పేరు కొత్తగా వినిపిస్తుంది గానీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. డ్రిప్ పైపు మడత పడితే విప్పొచ్చు, మంట తగిలి ముడుచుకుపోతే ఆ ముక్క తీసి అతకాల్సిందే కదా, ఇదీ అంతే.

కోయడం పూర్తిగా తప్పు అని నేననను. 2 సెంటీమీటర్ల లోపు, ఒకటే చోట ఉన్న మొదటిసారి స్ట్రిక్చర్‌కు ఒక్కసారి ప్రయత్నించొచ్చు, కొందరికి మళ్ళీ రాదు కూడా. వచ్చిందంటే రెండోసారి కోసినప్పుడు నిలిచే అవకాశం బాగా తగ్గిపోతుంది, మూడోసారికి దాదాపు ఉండదు. పైగా కోసిన ప్రతిసారీ మచ్చ పొడవు పెరగొచ్చు. ఖర్చు కంటే పెద్ద నష్టం ఇదే, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మన బంగారుపాళెం కుర్రాడికి మూడుసార్లు కోసినారు. మొదటిది పదకొండు నెలలు నిలిచింది, రెండోది ఐదు, మూడోది మూడు నెలలు కూడా లేదు. నా దగ్గరికి వచ్చిన రోజు యూరోఫ్లో చేయించినా, అంటే మిషన్ ఉన్న గరాటులో మూత్రం పోయడమే, నొప్పేమీ ఉండదు. ఆ వయసులో ధార వేగం సెకనుకు 15 మి.లీ. దాటాలి, 20 దాటినా ఆశ్చర్యం లేదు. ఇతనికి 6 దాటలేదు. 300 మి.లీ. పోసేదానికి నిమిషం పైనే పట్టింది, గ్రాఫ్ కొండలా లేచి దిగకుండా గట్టు మాదిరి చదునుగా వచ్చింది. ఆ చదును గీత చూడగానే స్ట్రిక్చర్ అనే అనుమానం బలపడుతుంది. స్కాన్‌లో ఇంకా 180 మి.లీ. లోపలే మిగిలి ఉంది.

తర్వాత ఆర్‌జీయూ, అంటే నాళంలోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే. మొదటిసారి కోసిన ఊరిలో తీసిన పాత ఫిల్మ్ అతను జాగ్రత్తగా దాచుకున్నాడు. అందులో మచ్చ ఒక సెంటీమీటరు పైన కొంచెం. ఇప్పుడు తీస్తే మూడు సెంటీమీటర్లు దాటింది. రెండూ పక్కపక్కన లైట్ మీద పెట్టి చూపించినా, అతని భార్య "ఇన్నాళ్ళూ మేమే పెంచుకున్నామా సార్" అని ఏడ్చేసింది. లేదమ్మా, మీకు ఎవరూ చెప్పలేదు, అంతే.

మొదట్లోనే వచ్చి ఉంటే చెడిపోయిన ముక్క తీసేసి రెండు చివర్లు కలిపి కుట్టేసేవాళ్ళం. మూత్రనాళాన్ని ఇట్లా కోసి బాగుచేసే ఆపరేషన్‌ను యురెత్రోప్లాస్టీ అంటాం, అందులో అదే తేలికైన రకం. ఇప్పుడు అంత పొడవు తీసేస్తే చివర్లు లాగినట్టవుతుంది, అందుకని బుగ్గ లోపలి పొర తీసి నాళానికి అతికించాల్సి వచ్చింది. ఇతనికి గుట్కా అలవాటు ఉండేది, అది నాకు ఎక్కువ భయం పెట్టింది, ఎందుకంటే బుగ్గ పొర తెల్లగా గట్టిపడిపోతే దాన్ని వాడుకోలేం. అదృష్టం, కుడి బుగ్గ మెత్తగానే ఉంది. మూడు వారాలు ట్యూబ్ ఉంచి, మందు ఎక్కించి ఎక్కడా కారడం లేదని చూసుకుని తీసేసినాం. మూడు నెలలకు ధార 21. యురెత్రోప్లాస్టీ చేసిన వాళ్ళలో ఎక్కువ మందికి ఏళ్ళ తరబడి నిలుస్తుంది, అయినా కొందరికి మళ్ళీ రావచ్చు, కాబట్టి ఫ్లో టెస్టుకు వస్తా ఉండమని చెప్పినా.

మిగతావి త్వరగా చెప్పేస్తా.

"స్ట్రిక్చర్ అంటే సెగరోగం వచ్చినట్టే, తిరుగుబోతు": ఈ మాటతో సంసారాలు పాడవుతున్నాయి. సెగ వల్ల వచ్చేది నిజమే, కానీ దెబ్బలు, గతంలో పెట్టిన ట్యూబ్, అంగం చివర వచ్చే తెల్లమచ్చల చర్మవ్యాధి, వీటివల్లా వస్తుంది, కొందరికి కారణమే దొరకదు. అనుమానించే ముందు అడగండి.

"ఆపరేషన్ చేస్తే మగతనం పోతుంది": ఈ చోటి ఆపరేషన్ తర్వాత కొందరికి అంగస్తంభన కొన్నాళ్ళు తగ్గుతుంది, ఎక్కువమందికి నెలల్లో తిరిగి వస్తుంది. కటి ఎముక విరిగిన వాళ్ళ సంగతి వేరు, అక్కడ ఆ యాక్సిడెంటే నరాలను దెబ్బతీసి ఉంటుంది. సన్నబడిన నాళంలో వీర్యం సరిగా బయటికి రాకపోవడం కూడా ఉంటుంది, దానికి సిగ్గుపడి దాచుకోవద్దు.

"పడినాక రక్తం ఆగింది కదా, ఇంకేం": రెండు కాళ్ళ మధ్య దెబ్బ తగిలి మూత్రం దారి చివర రక్తం కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి పోవాలి, ఎక్స్‌రే చూడకుండా ట్యూబ్ బలవంతంగా తోయనీయొద్దు. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, చలిజ్వరం వచ్చినా రాత్రైనా సరే ఆగొద్దు.

నా దగ్గరికి గానీ, ఏ యూరాలజిస్టు దగ్గరికి గానీ వచ్చేటప్పుడు మూత్రం బాగా వచ్చేలా నీళ్ళు తాగి రండి, 150 మి.లీ. కంటే తక్కువ పోస్తే ఫ్లో టెస్టును నమ్మలేం. ఈమధ్యనే నాళం వెడల్పు చేయించుకుని ఉంటే చెప్పండి, ఎందుకంటే అప్పుడు తీసే ఎక్స్‌రేలో మచ్చ అసలు పొడవు కనపడదు, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి తీయాల్సి వస్తుంది, ఆ మధ్యలో మూత్రం ఆగిపోతే పొట్ట కింద నుంచి ట్యూబ్ పెడతాం. పాత ఫిల్ములు, ముఖ్యంగా మొట్టమొదట తీసింది, ఎంత నలిగినా పారేయకుండా తీసుకురండి.